డిస్కు మీదైతేనే కాపీ మీది

హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే వీడియో గేమ్‌ను సోనీ సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. మన దేశంలో తయారై ఆ కన్సోల్ మీదికి ఎక్కిన తొలి ఆటల్లో ఇదొకటి. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకే, 2013 మొదట్లో, సోనీ ప్లేస్టేషన్ 2 తయారీనే ఆపేసింది. ఆ డిస్కును ప్లేస్టేషన్ 4లోనో, 5లోనో పెడితే ఆట నడవదు. పాత కన్సోల్ పాడైతే, అటక మీద డిస్కు భద్రంగా ఉన్నా దాన్ని ఆడుకునే దారి మూసుకుపోయినట్టే.

ఈ ఇబ్బంది ఒక్క ఆటది కాదు. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అందుకే పాత ఆటల మీద ఇష్టమున్నవాళ్లు ఎమ్యులేటర్ల వైపు చూస్తారు. పాత కన్సోల్ చేసే పనిని మన కంప్యూటర్ చేత చేయించే సాఫ్ట్‌వేర్ ఇది. ప్లేస్టేషన్ 2 కోసం PCSX2 అనేది ఉచితంగా దొరుకుతుంది. ఇది చట్టబద్ధమేనా అని చాలామందికి అనుమానం. ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఎమ్యులేటర్ సంగతి ఒకటి, అందులో నడిపే ఆట ఫైలు సంగతి ఇంకొకటి. పాటల క్యాసెట్‌కీ టేప్‌రికార్డర్‌కీ ఉన్నంత తేడా వీటి మధ్య ఉంది.

కోర్టు ఏమంది?

ఎమ్యులేటర్ గురించి అమెరికా కోర్టు పాతికేళ్ల క్రితమే తీర్పు చెప్పింది. కనెక్టిక్స్ అనే కంపెనీ 1999లో ‘వర్చువల్ గేమ్ స్టేషన్’ పేరుతో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ప్లేస్టేషన్ ఆటల సీడీని మాకింతోష్ కంప్యూటర్‌లో పెట్టి ఆడుకునే వీలు కల్పించింది. సోనీ కోర్టుకెక్కింది. కన్సోల్ ఆన్ చేయగానే మొదట పనిచేసే బయోస్ అనే ప్రోగ్రామ్‌ను కనెక్టిక్స్ ఇంజనీర్లు కాపీ చేసుకుని పరిశీలించిన మాట నిజమే. కానీ వాళ్లు అమ్మిన సాఫ్ట్‌వేర్‌లో సోనీ రాసిన కోడ్ లేదు. అదే పని చేసే బయోస్‌ను సొంతంగా రాసుకున్నారు. అలా పరిశీలన కోసం చేసుకున్న కాపీ న్యాయమైన వినియోగమేనని 2000 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది సోనీయే ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనేసి అమ్మకం ఆపేసింది గానీ, తీర్పు మాత్రం నిలిచింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. వర్చువల్ గేమ్ స్టేషన్ కొన్నవాళ్లు ఆట సీడీని కూడా కొనాల్సిందే.

2024లో యుజు అనే ఎమ్యులేటర్ కథ మరోలా ముగిసింది. అది నింటెండో స్విచ్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపేది. స్విచ్ ఆటలకు డిజిటల్ తాళం ఉంటుంది, దాన్ని తెరిచే కీలు లేకుండా ఆట నడవదు. ఆ తాళాన్ని దాటడానికే యుజు ఉపయోగపడుతోందని, ఒక కొత్త జెల్డా ఆట విడుదల కాకముందే పది లక్షలకు పైగా దొంగ డౌన్‌లోడ్లు జరిగాయని నింటెండో ఆరోపించింది. దావా వేసిన కొద్ది రోజులకే యుజు తయారీదారులు 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని దుకాణం మూసేశారు. రాజీతో ముగిసిన కేసు కాబట్టి ఎమ్యులేటర్లు చట్టవిరుద్ధమని ఏ కోర్టూ అనలేదు. అమెరికా చట్టంలో తాళం పగలగొట్టడం వేరే నేరం. చిక్కు వచ్చింది అక్కడే.

ప్లేస్టేషన్ 2 విషయంలో ఈ చిక్కు తక్కువ. డిస్కు అసలుదో కాదో కన్సోల్ తనిఖీ చేస్తుంది గానీ, డిస్కులోని ఆట సమాచారానికి అలాంటి తాళం లేదు. మామూలు కంప్యూటర్ డీవీడీ డ్రైవ్ దాన్ని చదివేయగలదు.

మన చట్టంలో ఉన్న మాట

మన కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ఏయే పనులు ఉల్లంఘన కావో వరసగా చెబుతుంది. అందులో (1)(ఎఎ) క్లాజు కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల గురించి. ప్రోగ్రామ్ కాపీ ఒకటి చట్టబద్ధంగా చేతిలో ఉన్న వ్యక్తి, ఆ కాపీ నుంచే మరో కాపీ చేసుకోవచ్చు. ఏ పనికోసం ఆ ప్రోగ్రామ్ ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి గానీ, పోవడం, పాడవడం నుంచి కాపాడుకోవడానికి గానీ అయితే తప్పు లేదు. సొంతానికి, వ్యాపారం కోసం కాకుండా చేసుకునే కాపీల గురించి (ఎడి) క్లాజు కూడా ఉంది. అక్కడా షరతు అదే, కాపీ తీసింది చట్టబద్ధంగా సంపాదించుకున్న దాని నుంచై ఉండాలి.

రెండు షరతుల్నీ నిదానంగా చూడండి. మొదటిది, అసలు కాపీ మీ చేతిలో ఉండాలి. రెండోది, మీ బ్యాకప్ దాని నుంచే రావాలి. ‘నా దగ్గర డిస్కుంది కదా, డౌన్‌లోడ్ చేసుకుంటే తప్పేముంది’ అనుకునేవాళ్లు తడబడేది ఈ రెండో షరతు దగ్గరే. డౌన్‌లోడ్ అయిన ఫైలు మీ డిస్కు నుంచి రాలేదు, ఇంకెవరో హక్కు లేకుండా పంచిపెట్టిన కాపీ నుంచి వచ్చింది. టొరెంట్‌లో తెచ్చుకుంటే ఇంకా ఇబ్బంది, మీరు దించుకుంటున్నంతసేపూ మీ కంప్యూటర్ దాన్ని ఇతరులకు పంచుతూనే ఉంటుంది. ‘24 గంటల్లో డిలీట్ చేస్తే చాలు’ అనే మాట కూడా చాలాచోట్ల వినిపిస్తుంది. అలాంటి వెసులుబాటు ఏదీ మన చట్టంలో లేదు, అమెరికా చట్టంలోనూ లేదు.

దొంగ కాపీ అని తెలిసీ ప్రోగ్రామ్‌ను వాడితే 63బి సెక్షన్ వర్తిస్తుంది. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలుశిక్ష లేకుండా 50 వేల రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టవచ్చు. ‘పాతబడిపోయింది, ఇక ఎవరిదీ కాదు’ అనే వాదన కూడా నిలవదు. అమెరికాలో కంపెనీల పేరిట ఉన్న రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు రక్షణ ఉంటుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌కే 2080 చివరిదాకా గడువుంది.

సొంత డిస్కు నుంచి కాపీ తీసే పద్ధతి

మీ దగ్గర ‘హనుమాన్’ డిస్కు ఉందనుకుందాం. ముందు అది అసలుదేనా అని చూడండి. ఫ్యాక్టరీలో అచ్చయిన ప్లేస్టేషన్ 2 డీవీడీ అడుగుభాగం వెండిరంగులో ఉంటుంది. సీడీ మీద వచ్చిన ఆటలైతే ముదురు నీలం. మధ్యలోని వలయం దగ్గర వెలుతురులో వంచి చూస్తే సన్నగా చెక్కిన కోడ్ కనిపిస్తుంది. అడుగున ఊదారంగు ఛాయ ఉండి, పైన స్కెచ్ పెన్నుతో రాసో, స్టిక్కర్ అంటించో ఉంటే అది ఎవరో బర్న్ చేసిన కాపీ. మన ఊళ్లలో చిప్ వేయించిన ప్లేస్టేషన్ 2లు, వాటితోపాటు ఇలాంటి డిస్కులు విరివిగా అమ్ముడుపోయాయి. మనం డబ్బు పెట్టే కొని ఉండవచ్చు. అంతమాత్రాన అది చట్టబద్ధమైన కాపీ కాదు, దాని నుంచి తీసిన బ్యాకప్పూ కాదు. పాత టీవీ వీడియో గేమ్‌లతో వచ్చిన ‘9999 ఇన్ 1’ క్యాసెట్లదీ ఇదే సంగతి.

అసలు డిస్కే అయితే మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచువైపు తుడిచి డ్రైవ్‌లో పెట్టండి. విండోస్‌లో ImgBurn లాంటి ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తాన్ని ఒక ఐఎస్ఓ ఫైలుగా మార్చుకోవచ్చు. లినక్స్‌లో ఈ రెండు వరుసలు చాలు:

```
dd if=/dev/sr0 of=game.iso bs=2048 status=progress
sha1sum game.iso
```

మొదటి వరుస డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదివి ఫైలుగా రాస్తుంది. రెండోది ఆ ఫైలుకు 40 అక్షరాల వేలిముద్ర తీస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ ముద్ర పూర్తిగా మారిపోతుంది. అందుకని డిస్కును రెండుసార్లు చదివించి రెండు ముద్రల్నీ పోల్చండి. ఒకటే వస్తే మంచి సూచన. వేర్వేరుగా వస్తే గీతల వల్లో, డ్రైవ్ బలహీనత వల్లో ఎక్కడో తప్పు చదివిందని అర్థం, ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి. మధ్యలో `Input/output error` అని ఆగిపోతే డిస్కులో ఆ చోటు దెబ్బతిన్నదన్నమాట. రెడంప్ అనే స్వచ్ఛంద జాబితాలో వేల డిస్కుల ముద్రలు నమోదై ఉన్నాయి. అక్కడ ఆటలు దొరకవు, ముద్రలే ఉంటాయి. మీ డిస్కు అందులో ఉంటే పోల్చుకోండి. ఈ తనిఖీ చేయకుండా ఉంచుకున్న కాపీ మొదటి అంకమంతా బాగా నడిచి, పదో అంకంలో తెర బిగుసుకుపోవచ్చు. అప్పటికి డిస్కు ఇంకా పాడై ఉంటుంది.

తర్వాతది బయోస్. కనెక్టిక్స్ తన బయోస్ తానే రాసుకుంది గానీ, PCSX2 కు సోనీ బయోస్ కావాలి. అది కూడా కాపీరైట్ ఉన్న ప్రోగ్రామే. అందుకే PCSX2 దాన్ని ఇవ్వదు, మీ సొంత కన్సోల్ నుంచి తీసుకోమంటుంది. ఆ పనికి `biosdrain` అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని కన్సోల్‌లో నడిపితే బయోస్‌ను యూఎస్‌బీ స్టిక్‌లోకి రాస్తుంది. దాన్ని నడిపించడానికి కన్సోల్ మోడల్‌ను బట్టి ప్రత్యేకంగా తయారుచేసిన మెమొరీ కార్డో, డీవీడీయో వాడాలి. కాబట్టి డిస్కుతోపాటు పాత కన్సోల్ కూడా అవసరమే. టీవీకి బొమ్మ రాకపోయినా దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి, బాగుచేయించి బయోస్ తీసుకునే వీలుండవచ్చు.

అసలుది ఎందుకు ఉంచుకోవాలి?

కాపీ తీసుకున్నాక డిస్కు అమ్మేస్తే ఏమవుతుంది? బ్యాకప్ ఉంచుకునే హక్కు డిస్కును అంటిపెట్టుకుని ఉంటుంది. అమెరికా చట్టంలోని 117వ సెక్షన్ ఈ సంగతి విడమరిచి చెబుతుంది, ప్రోగ్రామ్ మీద హక్కు పోతే బ్యాకప్‌లను నాశనం చేయాలి. మన చట్టం కూడా మినహాయింపు ఇచ్చేది చట్టబద్ధంగా కాపీ చేతిలో ఉన్న మనిషికే. అమ్మితే కాపీని తుడిచేయడమే సరైన పని.

చట్టం ఒక్కటే కాదు. కంప్యూటర్‌లోని ఫైలుకు అనుమానం వస్తే సరిచూసుకోవడానికి మిగిలేది డిస్కొక్కటే. రేపు ఇంకా మంచి డ్రైవ్, ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్లీ చదివించాల్సింది దాన్నే. ఎవరో ఎక్కించిన ఫైలులో ఏం కలిపారో, ఏం తీసేశారో మనకు తెలియదు. డిస్కులో ఉన్నది దాన్ని తయారుచేసినవాళ్లు ఇచ్చిందే.

ఇంట్లో ప్లేస్టేషన్ 2 డిస్కులుంటే ఈ సెలవుల్లో ఒకసారి బయటికి తీయండి. అడుగుభాగం చూసి అసలువి వేరుచేయండి, వాటికి ఇప్పుడే కాపీలు తీసి ముద్రలు రాసిపెట్టుకోండి. డిస్కుల్ని నిలువుగా, ఎండ తగలని చోట పెట్టెల్లో భద్రపరచండి. ఇంట్లో లేని ఆట కావాలంటే పాత డిస్కు వెతికి కొనుక్కోండి, లేదా హక్కుదారు ఇప్పటికీ అమ్ముతున్నారేమో చూడండి. డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు మీది కాదు.