అత్తయ్య ఫోన్‌కి భూతద్దం

రాజమండ్రిలో ఉండే మా మేనత్తకు 71 ఏళ్లు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతింది. కళ్లజోడు ఎన్నిసార్లు మార్చినా అక్షరాలు ఆనడం లేదు. ఫోన్‌లో మెసేజీలు చదవలేకపోతున్నానంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫాంట్ సైజు చివరికంటా పెంచి వచ్చాను. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది.

"ఒరేయ్, మెసేజీలు బానే కనపడుతున్నాయి గానీ, ఓ యాప్‌లో అక్షరాలు ఎప్పట్లాగే చీమల్లా ఉన్నాయిరా. ఇంకోదాంట్లో బిల్లు కడదామంటే నొక్కే బటనే లేదు!"

తప్పు ఆవిడది కాదు. ఫాంట్ సైజు పెంచితే, ఆ మార్పును ఒప్పుకునేలా తయారుచేసిన యాప్‌లలోనే అక్షరం పెరుగుతుంది. బొమ్మలో భాగంగా ఉన్న అక్షరం అసలు పెరగదు. పైగా అక్షరాలు పెద్దవయ్యేకొద్దీ కింద ఉండాల్సిన బటన్ కొన్నిసార్లు తెర దాటిపోతుంది. ఆవిడకు కావలసింది పెద్ద అక్షరం కాదు, తెర మీద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే భూతద్దం. అది ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో మాగ్నిఫికేషన్. కంపెనీని బట్టి మెనూ కాస్త అటూ ఇటూ ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే గడిలో ఆ పేరు కొడితే చాలు.

దాన్ని పిలిచే షార్ట్‌కట్ ఏది పెట్టుకోవాలన్నదే అసలు విషయం. తెరను మూడుసార్లు టకటకా తట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని పెద్దవాళ్లకు పెట్టవద్దని నా సలహా. మీరు ఒక్కసారి తట్టినా, ఇంకో రెండు దెబ్బలు పడతాయేమోనని ఫోన్ క్షణం ఆగి చూస్తుంది. దాంతో ప్రతి నొక్కూ ఆలస్యమవుతుంది. పని కాలేదనుకుని మళ్లీ నొక్కేస్తారు, ఎక్కడెక్కడికో వెళ్లిపోతారు. దాని బదులు తెర అంచున కనపడే చిన్న బటన్‌ను ఎంచుకోండి. దాన్ని నొక్కి, తెర మీద చూడాల్సినచోట తడితే పెద్దదవుతుంది, బటన్ మళ్లీ నొక్కితే మామూలుగా అయిపోతుంది.

పెద్దదయ్యాక చాలామంది తడబడేది ఒక్కచోటే. ఒక వేలితో జరిపితే యాప్‌లోని పేజీ కదులుతుంది. భూతద్దం కదలాలంటే రెండు వేళ్లు ఆనించి జరపాలి. అవే రెండు వేళ్లను దూరంగా జరిపితే ఇంకా పెద్దది, దగ్గరకు తెస్తే చిన్నది. అత్తయ్యకు ఇది వంటబట్టడానికి రెండు పూటలు పట్టింది. మొదట ఉత్సాహంగా బాగా పెంచేసింది. అప్పుడు తెర మీద రెండు మాటలే మిగిలి, లైను ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. రెండు, రెండున్నర రెట్ల దగ్గర ఆపాం. మీ పెద్దవాళ్లకు ఎంత కావాలో ఇలా చూడండి: ద, ధ పక్కపక్కన పెట్టి అడగండి. ఆ చిన్న గీత ఉందో లేదో తడుముకోకుండా చెబితే ఆ సైజు చాలు. ఇంకో మాట, చాలా ఫోన్లలో ఈ భూతద్దం కీబోర్డును పెద్దది చేయదు. టైపింగ్ కష్టమైతే మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పడమే మేలు.

ఒకసారి ఆవిడ ఫోన్ ఉన్నట్టుండి ప్రతిదీ పైకి చదవడం మొదలెట్టింది, నొక్కితే ఏదీ తెరుచుకోలేదు. షాపులో రీసెట్ చేయాలన్నారట. అక్కర్లేదు. అది టాక్‌బ్యాక్, చూపు లేనివారికోసం తెరను చదివిపెట్టే సదుపాయం. రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కొన్ని సెకన్లు నొక్కిపట్టే షార్ట్‌కట్ ఉంటే, పొరపాటున అలా ఆన్ అవుతుంది, అలాగే ఆపవచ్చు కూడా. ఆగకపోతే, కావలసినదాన్ని ఒకసారి తాకి, తర్వాత రెండుసార్లు తట్టండి. పేజీ జరపడానికి రెండు వేళ్లు వాడండి. అలా సెట్టింగ్స్‌కు వెళ్లి ఆపేయవచ్చు.

చెవి సరిగా వినపడని మామయ్యకు లైవ్ ట్రాన్స్‌క్రైబ్ పెట్టాను. ఎదుటివారి తెలుగు మాటలు తెర మీద అక్షరాలవుతాయి. ఒక్కరు, దగ్గరగా మాట్లాడితే బాగుంటుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడితే కలగాపులగం. మందుల పేర్లు, మోతాదులు మాత్రం దాన్ని నమ్మకుండా కాగితం మీద రాయించుకోవాలి. ఫోన్‌లో ఆడే వీడియో మాటలను చూపే లైవ్ క్యాప్షన్ వేరు. అందులో మీ భాష ఉందో లేదో ముందు జాబితాలో చూసుకోవాలి. చేతులు వణికేవారికి వాయిస్ యాక్సెస్ ఉంది. 'షో నంబర్స్' అంటే తెర మీద ప్రతి బటన్‌కూ అంకె వస్తుంది, ఆ అంకె పలికితే చాలు. వేలు కదపడమే కష్టమైనవారికి స్విచ్ యాక్సెస్. వెలుగు ఒక్కో బటన్ మీదుగా జరుగుతూ పోతుంది, కావలసినచోట ఒక్క స్విచ్ నొక్కితే ఎంపిక అవుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ తరఫున బటన్లు నొక్కగలదు. మోసగాళ్ల యాప్‌లు సరిగ్గా దాన్నే అడుగుతాయి. ఎవరో లింకు పంపి దించుకోమన్న యాప్ ఆ అనుమతి అడిగితే, ఇవ్వకండి.