సూర్యుడికి బదులు దీపం పెడితే...

ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియం అనుకోండి. వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడే వక్త. పక్కనే ఇంకో మైకు పట్టుకుని అనువాదకురాలు. ఆయన రెండు వాక్యాలు చెప్పి ఆగుతారు, ఆమె తెలుగులో అందుకుంటుంది.

"మేక్ హే వైల్ ద సన్ షైన్స్" అన్నారాయన. ఎండ కాస్తున్నప్పుడే గడ్డి ఎండబెట్టుకోమని దాని అర్థం. ఆమె నోటికి మన సామెత తడుముకోకుండా వచ్చేసింది: "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి." చప్పట్లు మోగాయి.

ఆయన అక్కడితో ఆగలేదు. "మీకిప్పుడు ఎండ బాగా కాస్తోంది. ఐదేళ్లు పోతే మబ్బులు కమ్ముతాయి. బాధ్యతలు, అప్పులు..." అన్నారు. ఆమె చేతిలో ఎండ లేదు, దీపం ఉంది. దీపం అవసరమయ్యేది చీకట్లో. చీకట్లో మబ్బులు ఎలా కమ్మించాలి?

రెండు సామెతల నీతీ ఒకటే, బొమ్మలు మాత్రం పగలూ రాత్రీ. పుస్తకం అనువదించేవారికి ఈ చిక్కు లేదు. తర్వాతి పేజీ చూసుకుని, కావాలంటే వెనక్కి వచ్చి మార్చుకోవచ్చు. వేదిక మీద తర్వాతి పేజీ ఉండదు. అన్నమాట జనం చెవిన పడిపోయింది. పైగా స్ఫూర్తి ప్రసంగాలు చేసేవారికి ఒక అలవాటు ఉంటుంది. సామెతను ఒకసారి అని వదిలేయరు, దాని మీదే కథ అల్లుతారు, చివర్లో మళ్లీ దానికే వస్తారు.

చిక్కుకున్నాక బయటపడే దారి ఒకటే, తను వేసిన బొమ్మలోనే ఉండిపోవడం. "దీపం ఇప్పుడు నిండుగా వెలుగుతోంది. ఐదేళ్లు పోతే బాధ్యతలూ అప్పులూ ఈదురుగాలిలా వీస్తాయి" అంటే సరిపోతుంది. మబ్బు గాలిగా మారింది, భావం చెడలేదు. కానీ తెర మీద గడ్డివాము ఫొటో పడిందంటే ఇదీ నిలవదు. మన హాళ్లలో సగంమందికి ఇంగ్లీషు ఎంతో కొంత తెలుసు. తేడా వాళ్లకు వెంటనే దొరికిపోతుంది. ముందు వరుసలు నవ్వి, వెనక వరుసలు మొహమొహాలు చూసుకున్నాయంటే ఎక్కడో బొమ్మ తప్పిందని అర్థం.

అసలు మొదట్లోనే ఇంకో దారి ఉంది. "ఎండ ఉండగానే కళ్లంలో వడ్లు ఆరబోసుకోవాలి" అనడం. ఇది సామెత కాదు, కానీ మన బతుకులోని బొమ్మే. గడ్డి బదులు వడ్లు వచ్చాయి, సూర్యుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. ఇక వక్త మబ్బులు తెచ్చినా, వాన కురిపించినా భయం లేదు. కళ్లంలో వడ్లున్నప్పుడు మబ్బు పడితే రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు.

అందుకే అనుభవమున్న అనువాదకులు ప్రసంగం ప్రతిని ముందే అడిగి తీసుకుంటారు. సామెత ఉన్నచోటల్లా గీత గీసి, వక్తను ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఈ మాటకు మళ్లీ వస్తారా? దీనికి ఫొటో గానీ జోకు గానీ ఉందా?" వస్తానంటే బొమ్మను కాపాడాలి. ఒకసారి అని వదిలేసేదైతే మన సామెత హాయిగా వాడుకోవచ్చు. "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" లాంటి అరిగిపోయిన నుడికారానికైతే బొమ్మే అక్కర్లేదు. "ఇక మీ ఇష్టం" అంటే చాలు.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడూ ఇదే లెక్క. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అని మన వక్త అన్నారనుకోండి. కిర్రుమనే చక్రానికే నూనె దక్కుతుందనే ఇంగ్లీషు సామెత దగ్గరగా కనిపిస్తుంది. కానీ అందులో సణుగుడు ఉంది, మనదాంట్లో చనువు ఉంది. అమ్మను అలాగే ఉంచి, "పెట్టడం" అంటే అన్నం పెట్టడమని ఒక్క మాట కలిపితే ఏ దేశంవారికైనా అర్థమవుతుంది. కులాన్నో, ఆడవాళ్లనో, వైకల్యాన్నో ఎగతాళి చేసే సామెత వక్త నోట దొర్లితే కథ వేరు. ఆ పోలికకు సాటి వెతకకుండా భావం మటుకే చెప్పి, తర్వాత ఆ సంగతి వక్తకు తెలియజేయడం మేలు.

సభలు ఏర్పాటు చేసేవారికి ఒక మనవి. వక్తకు కారు, శాలువా, పూలదండ ముందే సిద్ధం చేస్తారు. ప్రసంగం ప్రతినీ, తెర మీద వేసే ఫొటోలనూ కనీసం ముందురోజైనా అనువాదకుల చేతిలో పెట్టండి.