ఫొటోలో పాప మంచం: ముందు ఖాళీలు చూడండి

పురుటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి పాప మంచం ఫొటో పంపితే అందరి కళ్లూ ముందు రంగుల మీదే పడతాయి. గులాబీరంగు దుప్పటి, రెండు పక్కలా గుండ్రటి దిండ్లు, తల కింద ఆవాల దిండు, మూల ఒక ఎలుగుబంటి బొమ్మ. ఎంత ముద్దుగా ఉందో అనుకుంటాం. అయితే ఈ ఫొటోలో ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి మంచంలో ఉన్న మెత్తటి వస్తువులు. రెండోది కంటికి అంత తేలిగ్గా ఆనని ఖాళీలు.

మెత్తటి వస్తువులను పట్టుకోవడం సులువే. పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, పాప తప్ప ఫొటోలో ఇంకేం కనిపించినా తీసేయాల్సిందే. నెలల పిల్లలు ముఖం దిండులో కూరుకుపోతే తల తిప్పుకోలేరు. తాము వదిలిన గాలినే మళ్లీ పీలుస్తూ ఉంటారు, ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఏడుపు వినబడదు కాబట్టి పక్కనే ఉన్నవాళ్లకూ తెలియదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండుకూ మినహాయింపు లేదు. తల ఒకవైపు చదును కాకుండా ఉండాలంటే పాప మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు దగ్గరుండి కాసేపు బోర్లా పడుకోబెడితే మంచిది. నిద్రలో మాత్రం ఎప్పుడూ వెల్లకిలే. మంచం కమ్మీలకు లోపలివైపు కట్టే మెత్తలను అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు. మన దుకాణాల్లో అవి ఇప్పటికీ మంచం సెట్‌లో భాగంగా కనిపిస్తుంటాయి.

పరుపు మెత్తదనం కూడా ఫొటోలో కొంత తెలుస్తుంది. పాపను ఎత్తుకున్న వెంటనే తీసిన ఫొటోలో తల ఉన్నచోట గుంట నీడలా కనబడితే ఆ పరుపు పనికిరాదు.

ఇక ఖాళీలు. కమ్మీల మధ్య దూరం 6 సెంటీమీటర్లకు మించకూడదని అమెరికా నిబంధన. ఖాళీ ఎక్కువైతే పాప కాళ్లు, నడుము జారి బయటికి వచ్చేస్తాయి, తల మాత్రం లోపలే ఇరుక్కుంటుంది. శరీరం మెడ మీద వేలాడుతుంది. ఎప్పుడో వడ్రంగి చేసిన తాతల కాలపు మంచాల్లో ఈ లోపం తరచుగా ఉంటుంది. చెక్క ఎంత గట్టిదైనా ఖాళీ ఖాళీయే.

ఫొటోలో దూరాన్ని కొలిచేదెలా? పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. దాన్ని ఒక కమ్మీకి టేపుతో అంటించి, ఫోన్‌ను కమ్మీల ఎత్తులో నిటారుగా ఎదురుగా పట్టుకుని ఫొటో తీయమనండి. పక్కనుంచి తీస్తే దగ్గరి ఖాళీ వెడల్పుగానూ, దూరపు ఖాళీ సన్నగానూ కనబడి లెక్క తప్పుతుంది. ఒక ఫొటోలో నాణెం తెర మీద 9 మిల్లీమీటర్లు, పక్కనే ఉన్న ఖాళీ 24 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 24ను 9తో భాగించి 27తో గుణిస్తే 72. అంటే అసలు ఖాళీ 7.2 సెంటీమీటర్లు. ఆ మంచంలో పాపను పడుకోబెట్టకూడదు. మిగతా ఖాళీలన్నీ ఒకేలా ఉన్నాయని అనుకోవద్దు, విరిగిన కమ్మీ ఒక్కటి చాలు. ఫొటో అయ్యాక నాణెం తీసేయడం మాత్రం మరిచిపోకండి, అది నోట్లో పడితే మరో ప్రమాదం.

పరుపుకూ మంచం అంచుకూ మధ్య ఖాళీ మామూలు ఫొటోలో కనబడదు, దుప్పటి దాన్ని కప్పేస్తుంది. అందుకే దుప్పటి తీసి, పరుపును ఒక మూలకు పూర్తిగా నెట్టి, ఎదుటి మూలను పైనుంచి ఫొటో తీయాలి. ఆ ఖాళీలో పెద్దవాళ్ల వేళ్లు రెండు కన్నా ఎక్కువ పడితే పాప ముఖం అందులో ఇరుక్కోవచ్చు. చాలామంది ఆ ఖాళీలో చీర మడతపెట్టి కుక్కుతారు. అది కదిలి బయటికొస్తే మళ్లీ మెత్తటి గుడ్డే అవుతుంది, పైగా ఖాళీ తిరిగొస్తుంది. మంచానికి సరిపోయే పరుపు కుట్టించుకోవడమే దారి. వెడల్పాటి కమ్మీల విషయంలోనూ అంతే, గుడ్డ చుట్టడం కాదు, వడ్రంగితో కమ్మీలు విప్పించి దగ్గరగా మళ్లీ బిగించాలి. ఉన్న ఖాళీల మధ్య ఒక్కో కమ్మీ అదనంగా దూర్చేస్తే సందు మరీ సన్నబడి కాళ్లూ చేతులూ ఇరుక్కుంటాయి.

మరో ఫొటో కూడా అడగండి: రాత్రి లైటు తీసేసే ముందు, ఏమీ సర్దకుండా తీసింది. పగటి ఫొటోలో లేని శాలువా, కమ్మీ మీదుగా వేలాడే ఫోన్ చార్జర్ తీగ, కిందికి జారిన దోమతెర అందులోనే బయటపడతాయి. దోమతెర బిగుతుగా, పాప చేతికి అందనంత ఎత్తులో ఉండాలి.

బోల్టులు వదులైతే మాత్రం ఏ ఫొటోలోనూ తెలియదు. ఎవరో ఒకరు మంచాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడాల్సిందే.