సత్యం కేసు: ఆ బ్యాంకు లెటర్లు ఎవరి చేతుల మీదుగా వచ్చాయి? ఆడిటర్ తప్పుకి షేర్ హోల్డర్‌కి డబ్బు వస్తుందా?

2009 జనవరి 7. చిల్కూరులో ఒకాయన దగ్గర సత్యం కంప్యూటర్స్ షేర్లు 100 ఉన్నాయనుకుందాం. అంతకు ముందు రోజు వాటి విలువ దాదాపు 17,900 రూపాయలు. ఆ సాయంత్రానికి 4 వేలే. మధ్యలో జరిగింది ఒక్కటే. ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు.

దాంతో అందరి చూపూ ఆడిటర్ వైపు తిరిగింది. 2000 నుంచి సత్యం లెక్కలు చూస్తున్నది ప్రైస్ వాటర్‌హౌస్. వేల కోట్లు బ్యాంకులో లేకపోతే ఆడిటర్‌కి తెలియదా?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. కంపెనీ చూపించే ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదును ఆడిటర్ అలాగే నమ్మకూడదు. బ్యాలెన్స్ ఎంతో చెప్పమని బ్యాంకుకు తనే లెటర్ పంపాలి, జవాబు నేరుగా తనకే రావాలి. మధ్యలో కంపెనీ మనిషి చెయ్యి పడకూడదు. సత్యంలో ఈ లెటర్లు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీ మేనేజ్‌మెంట్‌కే వదిలేశారని అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ తేల్చింది. అంటే పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు! దీనికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. కవరు తామే పోస్ట్ చేసి ఉంటే చాలు.

అక్కడ డబ్బు, ఇక్కడ?

సత్యం షేర్లు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలోనూ ట్రేడ్ అయ్యేవి. అక్కడి ఇన్వెస్టర్లంతా కలిసి క్లాస్ యాక్షన్ దావా వేశారు. 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు, ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లు ఇచ్చి సెటిల్ చేసుకున్నాయి. అప్పటి మన కంపెనీల చట్టంలో ఇలాంటి దావాకు చోటే లేదు. అదే షేరు, అదే ఆడిట్ రిపోర్టు, చిల్కూరు ఆయనకు మాత్రం ఆ దారి లేదు.

ఇక్కడ శిక్షల కథ వేరేగా నడిచింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు ఆడిట్ రిపోర్టులపై సంతకం పెట్టిన ఇద్దరు పార్ట్‌నర్లకూ ఏడేళ్ల జైలు వేసింది. దాదాపు నెల రోజులకే అప్పీల్‌లో ఆ శిక్ష అమలు ఆగింది. 2018లో సెబీ ప్రైస్ వాటర్‌హౌస్‌ను లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి రెండేళ్లు నిషేధించి, 13 కోట్లకు పైగా వెనక్కి కట్టమంది. 2019లో అప్పీలేట్ ట్రిబ్యునల్ నిషేధాన్ని కొట్టేసింది. నిర్లక్ష్యం వేరు, మోసంలో చేతులు కలపడం వేరు, రెండోదానికి ఆధారం లేదంది. డబ్బు వెనక్కి కట్టాలన్న భాగాన్ని మాత్రం ఉంచింది. ఇన్వెస్టర్ల తరఫున చూస్తే ఈ తేడానే అసలు చిక్కు. మోసం నిరూపించడం కష్టం, నిర్లక్ష్యానికి పడే శిక్ష చిన్నది.

ఇప్పుడు రూల్ ఏంటి?

ఈ దెబ్బ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం కొన్ని కంతలు పూడ్చింది. ఆడిటర్‌ని నియమించేది ఏజీఎంలో షేర్ హోల్డర్లే, ఐదేళ్లకు. లిస్టెడ్ కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ వరుసగా పదేళ్లకు మించి ఉండకూడదు. తర్వాత ఐదేళ్లు గ్యాప్. ఆడిట్ చేసే కంపెనీలో ఆడిటర్‌కి ఒక్క షేరు కూడా ఉండకూడదు. ఆ కంపెనీ ఖాతా పుస్తకాలు తనే రాసిపెట్టకూడదు. అయితే ఏజీఎంలో ఓటుకు ఆ పేరును తెచ్చేది బోర్డే, ఫీజు వచ్చేదీ కంపెనీ నుంచే. ఆ కంత ఇంకా అలాగే ఉంది.

నష్టపరిహారం సంగతికొస్తే, 245వ సెక్షన్ కింద 100 మంది షేర్ హోల్డర్లు కలిస్తే చాలు, ఆడిట్ సంస్థ మీద కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఒక్కరే వెళ్తామంటే, లిస్టెడ్ కంపెనీలో 2 శాతం వాటా ఉండాలి.

మరి బయటివాళ్లు? షేర్ కొందామా వద్దా అని ఆడిట్ రిపోర్టు చదివి కొన్నవాళ్లకు ఆడిటర్ జవాబుదారీ కాదని 1990లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం కపారో కేసులో చెప్పింది. ఆడిట్ ఉన్నది షేర్ హోల్డర్లంతా కలిసి కంపెనీని అదుపులో పెట్టుకోవడానికే తప్ప, కొత్తగా కొనేవాళ్లకు సలహా ఇవ్వడానికి కాదన్నది ఆ తీర్పు సారం. మన 2013 చట్టం కొంచెం ఉదారంగానే మొదలైంది. నేరం రుజువైన ఆడిటర్ తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి, నష్టపోయిన ‘ఇతర వ్యక్తులకు’ కూడా పరిహారం కట్టాలని 147వ సెక్షన్‌లో రాశారు. 2017 సవరణలో ఆ మాట తీసేసి ‘సభ్యులు లేదా రుణదాతలు’ అని మార్చారు. అంటే కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకుకు ఇందులో చోటుంది. తప్పుడు రిపోర్టు చూసి, మోసం బయటపడక ముందే షేర్లు అమ్ముకుని బయటపడాలా ఇంకా కొనాలా అని ఆలోచిస్తున్నవాళ్లలో, చివరికి షేరు చేతిలో ఉన్నవాళ్లే అడగగలరు.