లాభాల పట్టీలో కనిపించని బేరాలు
పాత ధరలపై పరీక్షించామంటూ అమ్మే సూత్రాల అసలు లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

పసుపు, జీలకర్ర, ధనియాల వాయిదా వ్యాపారానికి ‘పదేళ్ళ పరీక్షలో నెగ్గిన సూత్రం’ అంటూ టెలిగ్రాం, యూట్యూబులలో ప్రకటనలు వస్తున్నవి. సూత్రంతో పాటు ఒక లాభాల పట్టీ కూడా చూపుతారు. ఫలానా రోజున కొని ఫలానా రోజున అమ్మి ఉంటే ఇంత మిగిలి ఉండేదని అందులో వరుసగా రాసి ఉంటుంది. దీనినే బ్యాక్‌టెస్ట్ అంటున్నారు. అనగా గడచిపోయిన ధరల మీద సూత్రాన్ని నడిపి చూడడం.

ఈ పరీక్ష తనంతట తాను తప్పు కాదు. పట్టీలోని అంకెలు కూడా చాలాసార్లు కూడికలో సరిగానే ఉంటవి. మోసం, లేదా పొరపాటు, పట్టీలో రాయకుండా వదిలిన వాటిలో ఉంటుంది. మార్జిను కట్టే ముందు వర్తకులు చూడవలసినవి ఆ వదిలిన అంకెలే.

నాలుగు వందలలో పన్నెండు

సూత్రం ఎలా పుడుతుందో మొదట చూద్దాం. సాధారణంగా అమ్మే సూత్రం రెండు సగటు ధరల మీద నడుస్తుంది. దగ్గరి రోజుల సగటు, దూరపు రోజుల సగటును దాటి పైకి పోతే కొనాలి, కిందికి దిగితే అమ్మాలి. దగ్గరి సగటు ఎన్ని రోజులది, దూరపు సగటు ఎన్ని రోజులది అన్నది తయారుచేసేవాని ఇష్టం. దగ్గరి సగటుకు 5 నుంచి 24 రోజుల వరకు ఇరవై అంకెలు, దూరపు సగటుకు 30 నుంచి 125 వరకు అయిదేసి చొప్పున మరో ఇరవై అంకెలు ప్రయత్నిస్తే మొత్తం 400 సూత్రాలు అవుతవి. కంప్యూటరుకు ఇది కొద్ది నిమిషాల పని.

ఇప్పుడు ఈ 400లో ఒక్కదానికీ సత్తా లేదనుకుందాం. బొమ్మా బొరుసూ వేసినట్లు ఏ సంవత్సరమైనా లాభం రావడానికి సగం, నష్టం రావడానికి సగం అవకాశం ఉందనుకుందాం. అటువంటి సూత్రం వరుసగా అయిదేళ్ళు లాభం చూపడానికి 32లో ఒక వంతు అవకాశం ఉంటుంది. అంటే 400లో సగటున పన్నెండు పైచిలుకు సూత్రాలు ఏ తెలివీ లేకుండానే అయిదేళ్ళూ లాభాలు చూపిస్తవి. వాటిలో మేలైనదాన్ని ఎంచి, ‘17 రోజులు, 65 రోజులు’ అని పేరు పెట్టి అమ్మితే కొనేవానికి అది గొప్ప రహస్యంగా కనిపిస్తుంది. మిగిలిన 399 సంగతి అతనికి తెలియదు.

పాత ధరల కొలతలకు సరిగ్గా సరిపోయేటట్లు సూత్రాన్ని కుట్టడాన్నే ఓవర్‌ఫిటింగ్ అంటారు. నిరుటి ధరలకు కుట్టిన చొక్కా వచ్చే ఏటి ధరలకు సరిపోవాలని నియమం లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక ఉపాయం ఉన్నది. 17, 65 బదులు 16, 60 పెడితే ఏమవుతుందో, 19, 70 పెడితే ఏమవుతుందో చూపమని అడగాలి. అంకె కాస్త జరిపినంతనే లాభం నష్టంగా మారితే ఆ సూత్రం పాత ధరలకు కుట్టినదే. అయితే పక్క అంకెలు కూడా లాభం చూపినంత మాత్రాన సూత్రం మంచిదని నమ్మరాదు. పక్కపక్క సూత్రాలు దాదాపు అవే బేరాలు చేస్తవి గనుక అదృష్టం వచ్చినా గుంపుగానే వస్తుంది. అంకెలు ఎంచుకునేటప్పుడు అసలు చూడని సంవత్సరాలపై ఆ సూత్రాన్ని ఒకే ఒక్కసారి నడిపి చూడడం ఇంతకన్నా గట్టి పరీక్ష. అక్కడ ఓడితే అంకెలు సవరించి మళ్ళీ అదే సంవత్సరాలపై నడిపినా, ఆ పరీక్షకు విలువ పోయినట్లే.

ఒక్క బేరం మీద నిలిచిన పట్టీ

ఇక లాభాల పట్టీనే విప్పి చూద్దాం. ఈ అంకెలు లెక్క తెలియడానికి ఊహించినవి. పసుపులో ఒక లాటు, అనగా 5 టన్నులు, 50 క్వింటాళ్ళు. పదేళ్ళలో 100 బేరాలు జరిగి, మొత్తం లాభం 6 లక్షల రూపాయలు అని పట్టీ చెబుతున్నది. సగటున బేరానికి 6 వేలు. చూడడానికి నిలకడైన వ్యాపారంగానే తోస్తుంది.

బేరాలను పెద్దది మొదలు చిన్నదాకా పేర్చి చూడండి. 2023 ఏప్రిల్‌లో క్వింటాలు 7 వేల ప్రాంతంలో ఉన్న పసుపు వాయిదా ధర ఆగస్టు నాటికి 15 వేలు దాటిన సంగతి వర్తకులందరికీ గుర్తే. ఆ తేజీలో సూత్రం 7,500 వద్ద కొని 15,500 వద్ద అమ్మిందనుకుంటే క్వింటాలుకు 8 వేలు, లాటుకు 4 లక్షలు ఆ ఒక్క బేరంలోనే వచ్చినవి. తక్కిన 99 బేరాలకు కలిపి వచ్చినది 2 లక్షలు.

ఇప్పుడు ఖర్చు రాయాలి. పట్టీ ముగింపు ధరకే కొన్నట్లు, ముగింపు ధరకే అమ్మినట్లు రాస్తుంది. నిజమైన మార్కెట్లో కొనేటప్పుడు కొంత పైధర, అమ్మేటప్పుడు కొంత దిగువ ధర తప్పదు. బ్రోకరేజీ కూడా ఉంటుంది. అన్నీ కలిపి క్వింటాలుకు ఒక్కో వైపు 20 రూపాయలు వేసుకున్నా, రాకపోకలకు 40 రూపాయలు, లాటుకు 2 వేలు. 99 బేరాలకు 1,98,000 పోతుంది. పదేళ్ళ శ్రమకు ఆ 99 బేరాలలో మిగిలినది 2 వేల రూపాయలు!

పెద్ద బేరమైనా పట్టీలో చూపినంత రాదు. ఏప్రిల్‌లో కొన్న కాంట్రాక్టు ఆగస్టు దాకా ఉండదు. గడువు ముగిసినప్పుడల్లా పాతది అమ్మి తరువాతి నెలది కొనాలి. అలా మూడుసార్లు మారవలసి వచ్చి, ప్రతిసారీ కొత్త కాంట్రాక్టు 250 రూపాయలు ప్రియంగా ఉందనుకుందాం. కాంట్రాక్టులను ఒకదానికొకటి అతికించి గీసిన చార్టు మీద ఈ 750 రూపాయలు ధర పెరుగుదలగా కనిపిస్తవి. పరీక్ష వాటిని లాభంలో జమ కడుతుంది. కాని అది ఎవరి చేతికీ వచ్చే సొమ్ము కాదు. లాటుకు 37,500 రూపాయలు అక్కడే తగ్గించాలి. ఇది గాక, ధర రోజువారీ పై పరిమితిని తాకిన రోజున అమ్మేవారు ఉండరు. పరీక్షలో మాత్రం సూత్రం ఆ ధరకు నిశ్చింతగా కొనేస్తుంది.

కాబట్టి పట్టీ చూసేవారు అతి పెద్ద బేరాన్ని కొట్టివేసి మిగతావి కూడి చూడాలి. ఇక్కడ మిగిలేది దాదాపు సున్న. ఈ పట్టీ చూపేది వంద బేరాల అనుభవం కాదు, ఒక్క తేజీ అనుభవం. ఆ తేజీ వచ్చిన తరువాత కూర్చుని సూత్రం తయారుచేస్తే దాన్ని పట్టుకోని సూత్రాన్ని ఎవరూ అమ్మకానికి పెట్టరు.

ఆగిపోయిన సరకులు

తేజీ చివరిదాకా నడవడం కూడా అన్ని సరకులకూ దక్కే భాగ్యం కాదు. 2012 మార్చిలో గోరుచిక్కుడు గింజలు, వాటి జిగురు ధరలు ఆకాశానికంటినప్పుడు వాటిలో వాయిదా వ్యాపారాన్ని నిలిపివేశారు. తిరిగి 2013 మేలో గాని అనుమతి రాలేదు. 2021 డిసెంబరు 20న సెబి బాస్మతి కాని వరి, గోధుమ, శనగలు, ఆవాలు, సోయాబీన్, ముడి పామాయిల్, పెసలు, ఈ ఏడు సరకులలో కొత్త వాయిదా కాంట్రాక్టులు వద్దన్నది. నడుస్తున్న వాటిలో ఉన్న బేరాలు మూసుకోవడానికి మాత్రమే వీలు కల్పించింది. ఆ నిషేధాన్ని తరువాత పలుమార్లు పొడిగించారు.

సూత్రం అమ్మేవారు ఈనాడు బోర్డు మీద కనిపించే సరకుల జాబితా తీసుకుని వెనక్కి పదేళ్ళు పరీక్షిస్తారు. 2016 మొదట్లో వర్తకుని ఎదుట ఉన్న జాబితా అది కాదు. అప్పుడు శనగలు ఉన్నవి, సోయా ఉన్నది, ఆవాలు ఉన్నవి. మిగిలినవాటిని మాత్రమే లెక్కించి పోయినవాటిని మరచే ఈ పొరపాటును సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు.

షేర్లలో ఈ పొరపాటు తేలికగా అర్థమవుతుంది. జాబితా నుంచి పోయినవి చాలావరకు ధర పడిపోయిన కంపెనీలు. సరకులలో తీరు వేరు. ఇక్కడ సాధారణంగా ధర మండిపోతున్నప్పుడే వ్యాపారం ఆపుతారు, లేదా మార్జిను పెంచుతారు. తేజీని వెంబడించే సూత్రానికి బతుకుతెరువు పెద్ద తేజీ. అది వచ్చినప్పుడే తలుపులు మూసే ప్రమాదం ఉన్నది. పసుపులో ఆ 4 లక్షల బేరం కాగితం మీద పూర్తి అయినదంటే, 2023లో పసుపు ఆ ఏడు సరకుల వరుసలో లేకపోవడం కూడా ఒక కారణమే. జాబితాలో మిగిలినవి చాలావరకు తేజీ సాఫీగా నడిచిన సరకులు. వాటి మీద చేసిన పరీక్ష లాభాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశం ఉంటుంది.

మాయమైన ఛానెళ్ళు

సూత్రాలకు, సరకులకు వర్తించిన లెక్కే సూత్రాలు అమ్మేవారికీ వర్తిస్తుంది. 320 మంది ఛానెళ్ళు తెరిచారనుకోండి. ఏటా సగం మంది సలహాలు బెడిసికొట్టి మూసేస్తే అయిదేళ్ళకు మిగిలేది పదిమంది. ఆ పదిమందికీ అయిదేళ్ళ మచ్చలేని రికార్డు ఉంటుంది. గంజ్‌లో మాట తప్పిన వర్తకుని పేరు ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఫోనులో మూసిన ఛానెలు ఆనవాలు లేకుండా పోతుంది, అదే మనిషి మరో పేరుతో మరో దుకాణం తెరవవచ్చు.

బ్రోకర్లు గమనించవలసిన విషయం కూడా ఒకటి ఉన్నది. ఆల్గో సదుపాయం ఇచ్చే బ్రోకర్లు ఆ సూత్రాల గత లాభాలను గాని, రాబోయే లాభాలను గాని ప్రస్తావించరాదని 2022 సెప్టెంబరులోనే సెబి సర్క్యులర్ ఇచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చే వారితో, లాభాల హామీలు గుప్పించే వారితో సంబంధం పెట్టుకోరాదని 2024 ఆగస్టులో నిబంధనలు సవరించింది. ఖాతాలు వస్తవని ఛానెళ్ళతో కమీషన్ ఒప్పందాలకు దిగేవారు ఇది మరువరాదు.

సూత్రం కొనదలచినవారు అమ్మేవానిని అడగవలసినవి నాలుగే. ఎన్ని సూత్రాలు ప్రయత్నించి దీన్ని ఎంచారు? పెద్ద బేరం తీసేసి, ఖర్చులు రాస్తే ఎంత మిగులుతుంది? పరీక్ష మొదలైన నాటి సరకుల జాబితాతో చేశారా, నేటి జాబితాతోనా? సొంత సొమ్ముతో నడిపినట్లు బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్టు నోట్లు వరుసగా, నష్టపు నెలలతో సహా చూపగలరా? మొదటి ప్రశ్నకు అంకె చెప్పలేనివారు నిజంగా లెక్క పెట్టుకోలేదన్నా కావచ్చు, చెప్పడం ఇష్టం లేదన్నా కావచ్చు. పసుపు లాటు ఒకటి క్వింటాలు 14 వేల ధరకు 7 లక్షల సరకు. ఏ కారణం చేతనైనా సమాధానం రాని చోట అంత సరకు మీద మార్జిను కట్టడం వర్తకం అనిపించుకోదు.