రెండు గీతల మధ్య ఖాళీ

మన దేశ అక్షరాస్యత లెక్కలు 1951 నుంచి 2011 దాకా ఏడు జనగణనల్లో ఉన్నాయి. ప్రతిసారీ పురుషులకో అంకె, స్త్రీలకో అంకె. అంటే మొత్తం 14 అంకెలు. వీటితో నిమిషం నిడివి వీడియో చేయమంటే ఎక్కువమంది ఒకే పని చేస్తారు. రెండు రంగుల గీతలు ఒకేసారి పైకి పరిగెత్తుతాయి, మూలన సంవత్సరం గిర్రున మారుతుంది, ప్రతి చుక్క మీదా అంకె మెరిసి మాయమవుతుంది. చూసినవాళ్లకు చివరికి మిగిలేది ‘అక్షరాస్యత పెరిగింది’ అన్న ఒక్క ముక్క. అది వీడియో చూడకముందే తెలిసిన సంగతి.

అందుకే కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోవాలి. ఈ 14 అంకెల్లో నాకు కనిపించిన వాక్యం ఇది: ‘ఇద్దరి చదువూ పెరిగింది, కానీ 1981 దాకా ఇద్దరి మధ్య తేడా పెద్దగా తగ్గలేదు.’ 1951లో పురుషులు 27 శాతం, స్త్రీలు 9 శాతం. తేడా 18. 1961 వచ్చేసరికి అది 25కు చేరింది. 1981లోనూ 26కు పైనే ఉంది. ఆ తర్వాతే స్థిరంగా దిగడం మొదలైంది. వీడియోలో కదిలే ప్రతిదీ ఈ వాక్యానికే పనిచేయాలి. మిగతాదంతా, ఎంత ఆసక్తిగా ఉన్నా, పక్కన పెట్టాల్సిందే.

ఇక వరుస. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2010లో బీబీసీ కార్యక్రమంలో 200 దేశాల 200 ఏళ్ల కథను నాలుగు నిమిషాల్లో చెప్పారు. దేశాల చుక్కలు తెర మీదకు రాకముందే నిలువు గీత ఆయుర్దాయానిదనీ, అడ్డగీత ఆదాయానిదనీ చూపించారు. కింది మూల అంటే పేదరికం, అనారోగ్యం. పై మూల అంటే సంపద, ఆరోగ్యం అని స్థలాన్ని పరిచయం చేశాకే చుక్కల్ని వదిలారు. ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు, కొలతలు చూసేవారి మనసులో కుదిరాకే కదలిక మొదలవ్వాలి.

మన వీడియోలోనూ మొదటి ఎనిమిది సెకన్లు ఖాళీ చట్రానికే. నిలువున సున్నా నుంచి వంద శాతం, అడ్డంగా సంవత్సరాలు. ఈ కొలత చివరిదాకా మారకూడదు. మధ్యలో మారితే గీత ఎదిగిందో, చట్రమే కుదించుకుపోయిందో తెలియదు. తర్వాత 1951 నాటి రెండు చుక్కలు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గొంతు ‘తొమ్మిది శాతం’ అన్నాకే 9 అన్న అంకె రావాలి. అంకె ముందే వస్తే కన్ను చదువుతుంది, చెవి మూసుకుంటుంది. అంకె వచ్చాక రెండు సెకన్లు ఏదీ కదలకూడదు.

అప్పుడు పురుషుల గీత ఒక్కటే 2011 దాకా వెళ్లి ఆగుతుంది, రంగు తగ్గి బూడిదరంగులోకి మారుతుంది. ఆ తర్వాతే స్త్రీల గీత బయల్దేరుతుంది. రెండూ పూర్తయ్యాక అసలు విషయం: గీతల మధ్య ఖాళీని రంగుతో నింపాలి. ఆ ఖాళీలోంచి ఏడు నిలువు పట్టీలు విడివడి కిందికి దిగి, ఒకే నేల మీద పక్కపక్కన నిలబడాలి. కొత్త చార్టు హఠాత్తుగా ప్రత్యక్షమైతే అది వేరే లెక్క అనిపిస్తుంది. పట్టీ దిగడం కళ్లారా చూస్తే, ఇది ఆ ఖాళీయేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ దిగడానికి సెకనున్నర చాలు. అంతకంటే వేగమైతే కన్ను వెంబడించలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. 1971 దాకా ఐదేళ్లు, ఆపై వయసువాళ్లను లెక్కించారు. 1981 నుంచి ఏడేళ్లు, ఆపైవాళ్లను. కాబట్టి ఆ రెండు సంవత్సరాల మధ్య గీతను చుక్కలుగా గీయాలి, కింద చిన్న మాట రాయాలి. 1971లో 24 ఉన్న తేడా 1981లో పెరిగిందని గట్టిగా చెప్పడం సరికాదు. ‘1981 దాకా పెద్దగా తగ్గలేదు’ అనడమూ ఆ మేరకు జాగ్రత్తగా అనాల్సిన మాటే. 1951, 1961 మధ్య పెరుగుదల మాత్రం ఒకే కొలత మీదిది. 1981 తర్వాతి తగ్గుదలా అంతే.

పూర్తయ్యాక శబ్దం ఆపేసి, లెక్కలతో సంబంధం లేని ఒకరికి చూపించండి. ‘ఏం చెప్పింది?’ అని మాత్రమే అడగండి. ‘ఆడవాళ్లు వెనకబడ్డారు’ అన్నారంటే ఖాళీని నింపిన ఘట్టం దాటిపోయిందని అర్థం. అక్కడ మరో రెండు సెకన్లు ఆగాలి.

ఇంకో ప్రమాదం చివరి ఘట్టంలో ఉంది. 2011లో తేడా 16. 1951లో 18. పట్టీలతోనే వీడియో ముగిస్తే 60 ఏళ్లలో ఏమీ మారలేదన్న అబద్ధం మిగులుతుంది. అప్పట్లో చదువుకున్న పురుషుల శాతం స్త్రీల శాతానికి మూడింతలు. 2011లో 81కి 65. అందుకే పట్టీలు తిరిగి పైకి లేచి గీతల మధ్య సర్దుకోవాలి. చివరగా తెర మీద స్త్రీల గీత ఒక్కటే రంగులో ఉండాలి, ఒక కొసన 9, రెండో కొసన 65.