గోనెగండ్ల ఎండకు తగిన కానుక

సొంతంగా కంప్యూటర్లు బిగించే స్నేహితుడికి కానుక అనగానే ర్యామో, ప్రాసెసరో తోస్తుంది. డబ్బు వృథా అయ్యేది అక్కడే. డీడీఆర్4, డీడీఆర్5 ర్యాములకు కాళ్లు 288 చొప్పునే ఉన్నా, గాడి ఉండే చోటు వేరు. ఒకదాని స్లాటులో రెండోది దిగదు. మదర్‌బోర్డు మోడల్ తెలియకుండా భాగాలు కొంటే, కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించినట్టే.

ఏ బోర్డుకైనా పనికొచ్చే కానుకలు ఉన్నాయి. అవేమిటో వేడి లెక్క చెబుతుంది.

ప్రాసెసర్ వేడి గది వేడి మీద పేరుకుంటుంది. ఒక పనిలో అది గదికన్నా 50 డిగ్రీలు ఎక్కువకు చేరుతుందనుకుందాం. గది 25 డిగ్రీలుంటే ప్రాసెసర్ 75. ఏప్రిల్ మధ్యాహ్నం గోనెగండ్లలో గది 40కి చేరితే అదే యంత్రం 90. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము, దూది పోగులు అట్టకట్టి మరో 10 డిగ్రీలు కలిపితే 100. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఎండను మార్చలేం, పైన కలిసే ఆ 50, 10లను తగ్గించగలం.

అందుకు పనికొచ్చే మొదటి కానుక చిన్న కరెంటు బ్లోవర్. సుమారు వెయ్యి, పదిహేను వందల మధ్య దొరుకుతుంది. కంప్యూటర్ ప్లగ్ తీసి, దాన్ని ఆరుబయట పెట్టి ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి; లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

రెండోది థర్మల్ పేస్ట్ ట్యూబు. ప్రాసెసర్, హీట్‌సింక్ నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి కనబడని గుంతల్లో గాలి ఉంటుంది. గాలి వేడిని బాగా మోయదు. పేస్ట్ ఆ గుంతలను నింపి, గాలికన్నా వంద రెట్లకు పైగా మెరుగ్గా వేడిని దాటిస్తుంది. కొన్నేళ్లకు అది ఎండిపోతుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నడిమధ్యన కందిగింజంత వేస్తే చాలు. మందంగా పూస్తే పేస్టే అడ్డమవుతుంది.

లోపం ఎక్కడో వేడి పెరిగే తీరు చెబుతుంది. పని మొదలైన కొన్ని సెకన్లలోనే 90 దాటితే పేస్టునో, హీట్‌సింక్ బిగింపునో అనుమానించాలి. పది, పదిహేను నిమిషాల మీద మెల్లగా ఎక్కితే దుమ్మునో, గాలి దారినో చూడాలి.

బ్లోవర్, పేస్టులకు అయస్కాంతం మొన ఉన్న పొడవాటి ప్లస్ స్క్రూడ్రైవర్ తోడు చేయండి; కేసు లోతుల్లో జారిన స్క్రూను అది పట్టుకొస్తుంది. మూడూ కలిపి సుమారు రెండున్నర వేలలో ముగుస్తాయి. ఇంకా పెట్టగలిగితే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ఖాళీ సాటా పోర్టు, కరెంటు వైరు ఉన్న డెస్క్‌టాప్‌లో అది ఇమిడిపోతుంది. అంతకు మించిన భాగం ఏదైనా సరే, బోర్డు మీద అచ్చయిన పేరు స్నేహితుణ్ణి అడిగి రాసుకున్నాకే కొనండి.